యాస అందరిది, ముద్ర ఎవరికి?

యాగంటి కోనేటి మెట్ల దగ్గర పూలూ టెంకాయలూ అమ్ముకునే ఒక పెద్దావిడ, కారు దిగి వస్తున్న యువకులను పలకరించింది: ‘యాడినుంచి వస్తాండారు సామీ, బసవన్న కాడికేనా?’ ఆమె మాటలో ఆదరణ తప్ప మరొకటి లేదు. ఆ యువకులలో ఒకడు నవ్వాపుకోలేక పక్కవాడి చెవిలో అన్నాడు: ‘అచ్చం ఫ్యాక్షన్ సినిమా రా!’ ఇంకొకడు తొడ కొట్టినట్టు అభినయించాడు. ఆమెకు ఆ నవ్వు ఎందుకో అర్థం కాలేదు. పూలు ఇచ్చి, చిల్లర లెక్కపెట్టి ఇచ్చింది. ఆమె చేతిలో వేటకొడవలి లేదు, వెనుక సుమోల వరుస లేదు, పేరు చివర రెడ్డి లేదు. అయినా ఆమె నోటి నుంచి రెండు మాటలు రాగానే వాళ్లకు ఒక ఫ్యాక్షన్ నాయకుడు కనిపించాడు. పూలమ్మే ముసలామె మాటలో కత్తి పట్టిన భూస్వామి ఎలా వినబడ్డాడన్నదే ఈ వ్యాసం అడిగే ప్రశ్న.

ఈ ఊరి పేరు వెనుకే ఒక మాట కథ ఉంది. చిట్టెప్ప అనే భక్తుడికి శివుడు పులి రూపంలో కనిపించాడట. ఆ సంతోషంలో అతడు ‘నే కంటి’ అని అరిచాడనీ, ఆ మాటే జనం నోట నానుతూ ‘యాగంటి’ అయిందనీ స్థలపురాణం చెబుతుంది. వ్యుత్పత్తి ఎంతవరకు నిజమన్నది అలా ఉంచుదాం. ఒక మామూలు మనిషి నోటి మాట పుణ్యక్షేత్రానికి పేరైందని నమ్మిన నేల ఇది. అదే నేల మాట ఇవాళ అదే గుడి మెట్ల మీద నవ్వులాట అయింది. ఈ రెంటి మధ్య భాష మారలేదు. దానిని వినే చెవి మారింది.

చెవి మారడాన్ని భాషాశాస్త్రంలో ‘ఎన్‌రిజిస్టర్‌మెంట్’ అంటారు. అమెరికన్ మానవశాస్త్రవేత్త ఆసిఫ్ ఆఘా ఈ భావనకు స్పష్టమైన రూపం ఇచ్చాడు. తెలుగులో దీనిని ‘ముద్ర పడటం’ అనుకోవచ్చు. ఒక ప్రాంతంలో జనం ఏళ్ల తరబడి ఒక తీరున మాట్లాడుకుంటూ ఉంటారు. తమకు యాస ఉందన్న స్పృహే వారికి ఉండదు. తరువాత ఎవరో ఆ తేడాను గమనించి దానికొక పేరు పెడతారు. ఆ తేడాలలో కొన్నింటిని ఏరి ఒక రకం మనిషికి తగిలిస్తారు. ఆ మనిషి బొమ్మ నోటి నుంచి నోటికి, తెర నుంచి తెరకు తిరుగుతుంది. చివరికి ఆ మాట వినబడితే చాలు, ఆ బొమ్మ తనంతట తానే కళ్ల ముందుకు వస్తుంది. ఈ చివరి దశలో ముద్ర పూర్తవుతుంది. అప్పటికి అది మనుషులు వేసిన ముద్ర అని ఎవరికీ గుర్తుండదు. మాటకు స్వతహాగా ఉన్న గుణమనే అనుకుంటారు. ఈ నమ్మకమే భాషా భావజాలం.

మాటకు స్వతహాగా అలాంటి గుణమేదీ లేదని చెప్పడానికి ‘వచ్చినాడు’ అన్న ఒక్క రూపం చాలు. నంద్యాల, ఆళ్లగడ్డ, బనగానపల్లె ప్రాంతంలో ‘మా నాయన వచ్చినాడు’ అంటారు. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ‘వచ్చాడు’ అంటారు. ఇప్పుడు మొదటిది మొరటనీ రెండోది నాగరికమనీ పేరు. కానీ ‘వచ్చిన’ అనే విశేషణానికి ‘వాడు’ చేరి ఏర్పడ్డ రూపం ‘వచ్చినాడు’. గ్రాంథిక వ్యాకరణం దీనిని శుద్ధరూపంగానే అంగీకరించింది. దాన్ని కుదించగా వచ్చిన కొత్త రూపం ‘వచ్చాడు’. పూర్వరూపాన్ని కాపాడుకున్నవాడు మోటువాడు, కుదించుకున్నవాడు శిష్టుడు ఎలా అయ్యారు? ‘యాడ’ సంగతీ ఇంతే. కావ్యభాషలో ఉన్న ‘ఏడ’ను సీమ గొంతు కాస్త తెరిచి పలికింది. వేప ‘యాప’ అయిన దారి కూడా అదే.

ఇంకా సూక్ష్మమైనది ‘పో’ అనే క్రియ. కోస్తాలో పెద్దవారితో ‘పోతున్నారా’ అంటే తప్పు, ‘వెళ్తున్నారా’ అనాలి. అక్కడ ‘పో’కు తోసివేసే ధ్వని ఉంది. సీమలో ‘పో’ వట్టి కదలిక. దానికి ‘సామీ’ అనో ‘అప్పా’ అనో చేరిస్తే పూర్తి మర్యాద. ‘యాడికి పోతాండారప్పా’ అన్న ప్రశ్నలో రెండు గౌరవాలున్నాయి: ఒకటి ‘అప్పా’లో, ఇంకొకటి బహువచనంలో. కోస్తా చెవి ఆ రెంటినీ వదిలేసి ‘పో’ను మాత్రమే పట్టుకుంటుంది. పట్టుకుని ఈ మనుషులే కటువైనవాళ్లని తేల్చేస్తుంది. క్రియాపదంలోని తేడా మనిషి స్వభావంలోని తేడాగా మారే క్షణం ఇదే. ఎవరైనా సీమ మాటను ‘కటువు’ అన్నప్పుడు ‘ఏ పదం, ఏ ప్రత్యయం కటువు?’ అని అడిగి చూడండి. సమాధానం వ్యాకరణం నుంచి రాదు, ఏదో ఒక సినిమా నుంచి వస్తుంది.

ముద్రకు ముందు పేరు కావాలి. 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేసినప్పటి నుంచి ఇవి ‘దత్తమండలాలు’. ఆ పేరులోని అవమానాన్ని తుడిచివేస్తూ ‘రాయలసీమ’ అన్న పేరు నిలిచింది 1928లో, నంద్యాల సభల్లోనే. ప్రాంతానికి ఆత్మగౌరవం గల పేరు దొరికింది కానీ ప్రాంతపు మాటకు ఆ గౌరవం దక్కలేదు. గిడుగు రామమూర్తి పోరాటం బడి తలుపులు వాడుక భాషకు తెరిచింది. ఆ మేలు చెరగనిది. అయితే లోపలికి వచ్చింది ‘శిష్ట’ వ్యావహారికం. ఆ శిష్టులు ఎక్కువగా కోస్తా జిల్లాల్లోని చదువుకున్న అగ్రవర్ణాలవారు. పాఠ్యపుస్తకం, పత్రిక, రేడియో, సినిమా అదే నమూనాను పెంచి పోషించాయి. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తెలుగులో ప్రాంతీయ భేదాలను పద్ధతిగా నమోదు చేసింది. ఆ పరిశోధన ఆధారంగా గుర్తించిన నాలుగు మాండలిక మండలాల్లో సీమ ఒకటి. శాస్త్రం దృష్టిలో నాలుగూ సమానమే. సమాజం మాత్రం ఒకదానిని ‘భాష’ అంది, తక్కిన మూటినీ ‘యాసలు’ అంది. ఈ వ్యాసం కూడా ‘వచ్చాడు’ అనే రాస్తోంది. ఆ ప్రమాణం మన చేతివేళ్ల దాకా పాకింది మరి.

అప్పటికి సీమ మాట వేరుగా ఉంటుందన్న ఎరుక మాత్రమే ఉంది. ఆ మాటకు ఒక ముఖం తగిలించింది సినిమా. 1997లో వచ్చిన ‘ప్రేమించుకుందాం రా’ ఫ్యాక్షన్ నేపథ్యానికి దారి వేసింది. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2001లో ‘నరసింహనాయుడు’, 2002లో ‘ఆది’, ‘ఇంద్ర’, 2003లో కర్నూలు కొండారెడ్డి బురుజు సాక్షిగా ‘ఒక్కడు’ ఆ దారిని రహదారి చేశాయి. ఆరేడేళ్లలో తెల్ల ఖద్దరు, మెలితిప్పిన మీసం, సుమోలు, నాటుబాంబులు, ‘యాడ’, ‘వచ్చినాడు’ అన్నీ ఒకే మూటగా కట్టబడ్డాయి. ఆ మూటలోంచి ఏ ఒక్కటి బయటికి తీసినా మిగతావన్నీ వెంట వస్తాయి.

ఈ కథలో మన ప్రాంతానికి దగ్గరి మనిషి ఒకరున్నారు. నటుడు జయప్రకాశ్ రెడ్డి స్వస్థలం ఆళ్లగడ్డ సమీపంలోని సిరివెళ్ల. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు, రంగస్థలం మీద రాటుదేలిన కళాకారుడు. ‘ప్రేమించుకుందాం రా’లోని ప్రతినాయకుడి పాత్ర, తరువాత ‘సమరసింహారెడ్డి’, ఆయనను తెలుగు నేల అంతటికీ పరిచయం చేశాయి. అంతకుముందు తెరమీద వినిపించే సీమ మాట కోస్తా గొంతుల అనుకరణ. ఆయనది పుట్టిన ఊరి మాట; అందుకే జనం నమ్మారు. అక్కడే ఒక విడ్డూరం దాగుంది. మాట ఎంత నిక్కమైతే దానికి తగిలించిన బొమ్మ కూడా అంత నిక్కమనిపిస్తుంది. పాఠాలు చెప్పి బతికిన సిరివెళ్ల మనిషి జీవితమే, సీమ మాట మాట్లాడేవాడు కత్తి పడతాడన్న నమ్మకానికి తిరుగులేని జవాబు. కానీ ప్రేక్షకుడికి ఆ ఉపాధ్యాయుడు కనిపించలేదు, ప్రతినాయకుడే మిగిలాడు. తప్పు ఆ కళాకారుడిది కాదు. ఆ గొంతుకు అలాంటి పాత్రలనే ఎక్కువగా అందించిన పరిశ్రమది.

ఆ సినిమాల్లో ఎవరు ఎలా మాట్లాడతారో గమనించండి. కథానాయకుడు కూడా సీమ బిడ్డే అయిన కథల్లో సైతం అతడు ప్రేమించేటప్పుడు, బాధపడేటప్పుడు, నీతి చెప్పేటప్పుడు ఎక్కువగా ప్రమాణ భాషే మాట్లాడతాడు. యాస ప్రతినాయకుడికి, అతడి అనుచరులకు, నవ్వించే నౌకరుకు దక్కుతుంది. ఈ పంపకం నేరుగా ఏ పాఠమూ చెప్పకుండానే ప్రేక్షకుడికి ఒక పాఠం నేర్పుతుంది: మనసున్న మాట ఒకటి, కత్తి ఉన్న మాట ఇంకొకటి.

ఏరివేత కూడా అంతే జాగ్రత్తగా జరిగింది. చిత్తూరు మాట మీద తమిళం నీడ, అనంతపురం మాట మీద కన్నడం నీడ ఉన్నాయి. నవాబుల ఏలుబడిలో ఉండిన బనగానపల్లెలో దక్కనీ ఉర్దూ కలిసింది. ఈ తేడాలన్నీ కలిపేసి ‘సీమ యాస’ అనే ఒకే ముద్ద చేశారు. అందులోంచి ఆరేడు రూపాలు మాత్రం ఉంచుకున్నారు. అవి ఎక్కువగా బెదిరింపులో, తిట్టులో ఒదిగేవి. జేజి మనవడికి కథ చెప్పే మాట, గుంటక తోలేవాడు ఎద్దులతో ఆడే మాట, ఆళ్లగడ్డ శిల్పి రాతి పొరను పరీక్షించి చెప్పే మాట తెరకెక్కలేదు. ముద్ర నిలవడానికి ఎన్నో మాటలు అక్కరలేదు. మళ్లీ మళ్లీ వినిపించే కొన్ని చాలు.

ఇక్కడే ఇది కులం ప్రశ్న అవుతుంది. జుడిత్ ఇర్విన్, సూసన్ గాల్ అనే ఇద్దరు పండితులు భాషా భావజాలం పనిచేసే తీరులో ఒకదానిని ‘చెరిపివేత’ అన్నారు. తాను గీసిన బొమ్మకు సరిపడని మనుషులను భావజాలం కనబడకుండా చేస్తుందని అర్థం. సీమ మాట మాట్లాడేవారెవరు? మాలలు, మాదిగలు, బోయలు, కురుబలు, బలిజలు, దూదేకులవారు, ముస్లింలు, సాలెవారు, రెడ్లు. అందరిలోనూ సగం మంది ఆడవాళ్లు. ఈ జనసముద్రం నుంచి సినిమా ఏరుకున్న వక్త ఒక్కడు: భూమి, మీసం, అనుచరగణం ఉన్న అగ్రకుల పురుషుడు. తక్కినవారు ఆ తెరమీద ఉంటే సుమో వెనుక పరుగెత్తేవారిగా, అయ్య కోసం చచ్చేవారిగా ఉంటారు. నిజజీవితపు ఫ్యాక్షన్‌లోనూ కొడవలి మోసినవారిలో, జైలుకు పోయినవారిలో, తాళి తెగిన ఇళ్లలో అత్యధికం పేద కులాలవేనని ఈ పల్లెలకు తెలుసు. వారి చావు కథకు నేపథ్యం, నాయకుడి పగ కథకు ప్రాణం.

బొమ్మ ఒక్కరిదే అయినా దాని ఫలితం అందరికీ ఒకేలా పంచబడలేదు. ఆ యాసలో రెండు విలువలు కలిసి ఉన్నాయి: ఒకటి పౌరుషం, రెండు మొరటుతనం. భూమీ అధికారమూ ఉన్నవాడు ఆ యాసలో మాట్లాడితే మొదటి విలువ వినబడుతుంది. అతడి మాట ‘ఠీవి’ అవుతుంది. రాజకీయ వేదిక మీద అది ఓట్లు రాలుస్తుంది. అదే మాట ఎస్సీ కాలనీ నుంచి వచ్చిన అమ్మాయి ఉద్యోగపు ఇంటర్వ్యూలో మాట్లాడితే రెండో విలువే వినబడుతుంది. ఆమె మాట ‘పల్లెటూరితనం’ అవుతుంది. భయపెట్టగల శక్తి ఒకరికి, సిగ్గుపడవలసిన భారం ఇంకొకరికి. ముద్ర మాట మీద పడినట్టు కనిపిస్తుంది. దాని బరువు మాత్రం మాట్లాడేవాడి కులాన్ని బట్టి, సొత్తును బట్టి మారుతుంది.

ఇది నేను అనుభవంతో చెబుతున్న మాట. ముప్పై ఏళ్ల కిందట కాకపోయినా, ఆ సినిమాలు జోరుగా ఆడుతున్న రోజుల్లోనే నేను చదువుకోసం నగరానికి పోయాను. హాస్టల్లో మొదటి రాత్రే ఒకరు ‘పెట్టెలో బాంబులు తెచ్చావా?’ అని అడిగారు. మా ఇంట్లో ఉన్నది కూలి పార, జొన్న మూట. మా ఊరి రెడ్డిగారి అబ్బాయి కూడా అదే నగరంలో చదివాడు. అతణ్నీ అదే అడిగారు. అతడు నవ్వి మీసం దువ్వేవాడు. ఆ ప్రశ్న అతడికి కిరీటం. నేను మూడు నెలలు నోరు మూసుకుని ‘వచ్చాడు’, ‘వెళ్లాడు’ అభ్యాసం చేశాను. సంక్రాంతికి ఇల్లు చేరి ‘అమ్మా, నాన్న ఎక్కడికి వెళ్లాడు?’ అన్నాను. మా యమ్మ నన్ను పైకీ కిందికీ చూసి, ‘ఎవురింటి పిల్లోడివి నాయనా?’ అంది. ఆమె ఎగతాళికే అంది. నాకు మాత్రం ఆ ప్రశ్న ఇప్పటికీ ఎగతాళిగా వినబడదు.

బయటివారి తప్పులు మాత్రమే ఎంచితే నిజాయతీ కాదు. కోస్తా సీమను చూసినట్టే, సీమలో పట్టణం పల్లెను చూస్తుంది; పల్లెలో ఊరు వాడను చూస్తుంది. నంద్యాలలో పోటీ పరీక్షల శిక్షణకు చేరిన పిల్లవాడు నల్లమల అంచు గ్రామం నుంచి వచ్చిన తోటివాడి పలుకు విని నవ్వుతాడు. ఊళ్లో రెడ్డి ఇంటి పిల్లలు ‘మాలోళ్ల మాట’, ‘మాదిగోళ్ల మాట’ అని వెక్కిరించడం మనం వినలేదా? తనను కోసిన కత్తినే మనిషి తన కింది మెట్టు మీదికి తిప్పుతాడు. కాబట్టి సీమ యాసకు గౌరవం కావాలని అడిగే ఉద్యమం, సీమ లోపలి ఈ మెట్లను దాచిపెడితే, అది అగ్రకులపు యాసకు మాత్రమే గౌరవం సంపాదించి ఆగిపోతుంది.

‘ఇప్పుడు కాలం మారింది కదా, కథానాయకులే యాసలో మాట్లాడుతున్నారు’ అంటారు కొందరు. నిజమే. 2018లో ‘అరవింద సమేత వీర రాఘవ’లో నాయకుడు సీమ మాట పలికాడు. 2021లో ‘పుష్ప’ చిత్తూరు మాటను, అదీ ఒక కూలీ నోట, దేశమంతా తిప్పింది. ఈ మార్పును తక్కువ చేయనక్కరలేదు. కానీ యాస ప్రతినాయకుడి నుంచి నాయకుడికి బదిలీ అయినా, మూటలోని మిగతా సరుకు అలాగే ఉంది: మగతనం, నెత్తురు, లొంగనితనం. తెలంగాణ అనుభవంతో పోల్చితే తేడా తెలుస్తుంది. దశాబ్దాల పాటు రౌడీకీ హాస్యగాడికీ కేటాయించిన తెలంగాణ మాట, రాష్ట్రోద్యమం తరువాత 2017లో ‘ఫిదా’లో చదువుకున్న అమ్మాయి మాటయింది, 2023లో ‘బలగం’లో ఒక ఇంటి దుఃఖానికి మాటయింది. అక్కడ వక్తల రకం మారింది. సీమలో వక్త స్థానమే మారింది, రకం మారలేదు. ముద్ర చెరుగుతోందా లేదా అని తెలుసుకోవడానికి ఇదే కొలత: ఆ యాసలో ఒక డాక్టరు, ఒక తల్లి, ఒక దళిత కవి, ఒక లెక్కల టీచరు మాట్లాడితే ఎవరూ నవ్వకుండా, ఎవరూ భయపడకుండా వినగలుగుతున్నారా?

సాహిత్యం ఆ పని ఎప్పుడో మొదలుపెట్టింది. నాగప్పగారి సుందర్రాజు ‘మాదిగోడు’ కథల్లో సీమ మాట మాదిగవాడ మాటగా వినబడింది. వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’లో ముస్లిం ఇంటి తల్లి మాటగా వినబడింది. ఇవి యాసలో రాసిన కథలని మెచ్చుకుంటే సరిపోదు. సినిమా చెరిపేసిన వక్తలను తిరిగి నిలబెట్టిన కథలివి. అయితే పుస్తకం చేరే చెవులు వేలల్లో, సినిమా చేరే చెవులు కోట్లలో. అందుకే ఈ పని బడికీ పరీక్షకూ చేరాలి. తెలుగు జవాబుపత్రంలో ‘వచ్చినాడు’ అన్న రూపం కనిపిస్తే ఎర్ర సిరా పడకూడదని, ప్రాంతీయ రూపం దోషం కాదని, మూల్యాంకన నియమాల్లోనే రాయాలి. ఉపాధ్యాయ శిక్షణలో నాలుగు మాండలికాల పాఠం ఉండాలి. పాఠ్యపుస్తకంలో సీమ మాట ఉన్న పాఠం హాస్యం కోసమో పౌరుషం కోసమో కాకుండా, మామూలు బతుకు కోసం ఉండాలి. ఏటా ఆగస్టు 29న గిడుగు జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. వాడుక భాష అంటే ఎవరి వాడుక అన్న ప్రశ్నను ఆ రోజు వేదిక మీద అడగకపోతే, ఆయన వేసిన సగం అడుగు దగ్గరే మనం ఆగిపోయినట్టు.

యాగంటికి వచ్చేవారు దారిలో బనగానపల్లె నవాబుల నాటి పాత బంగళాను చూపించి ‘అరుంధతి సినిమా బంగళా’ అంటారు. కట్టించినవారి పేరు పోయింది, సినిమా పేరు మిగిలింది. రాతి కట్టడానికి అలా జరిగితే పెద్ద నష్టం లేదు. బంగళాకు ఇంటర్వ్యూ ఉండదు, హాస్టలు ఉండదు, సిగ్గు ఉండదు. కోనేటి మెట్ల దగ్గర పూలమ్మే ఆమె మనవరాలికి అవన్నీ ఉంటాయి. ఆ పిల్ల రేపు నగరంలో నోరు విప్పినప్పుడు ఎదుటివారు వినవలసింది ఆమె చెప్పే విషయాన్ని. ఏ భూస్వామి మీసాన్నీ ఆమె మాటకు అతికించే హక్కు ఎవరికీ లేదు.